ఒకే వ్యాసానికి ఒకరు 11, ఒకరు 17: తొమ్మిదో తరగతి రూబ్రిక్‌ను సరిచేయడం

తొమ్మిదో తరగతికి ఒప్పించే వ్యాసం ఇచ్చాం. విషయం: "ఒంటిపూట బడులు మార్చి 1 నుంచే మొదలుపెట్టాలి". పిల్లలకు బాగా పట్టింపున్న విషయం కాబట్టి ఉత్సాహంగా రాశారు. దిద్దడానికి నాలుగు అంశాలతో రూబ్రిక్, అంటే ఏ స్థాయి రాతకు ఎన్ని మార్కులో గడుల్లో రాసిపెట్టుకునే పట్టిక, తయారుచేశాను: అభిప్రాయం, కారణాలు-ఆధారాలు, ఎదుటివారి వాదన, భాష. ఒక్కోదానికి అయిదు స్థాయిలు, మొత్తం 20 మార్కులు. రెండో సెక్షన్ మేడం, నేను ఒకే పేపర్ విడివిడిగా దిద్దితే నాకు 11 వచ్చింది, ఆవిడకు 17.

సమస్య: ఇద్దరు దిద్దితే మార్కులు పొంతన లేకుండా వస్తున్నాయి

ముందు మొత్తాన్ని పక్కనపెట్టి, తేడా ఏ అంశంలో వచ్చిందో చూడాలి. అంశాలవారీ రూబ్రిక్ వల్ల ఉన్న మేలే ఇది. అభిప్రాయానికి ఇద్దరం 4 వేశాం. భాషలో ఒక మార్కు తేడా, ఎదుటి వాదనలో రెండు. కారణాల దగ్గర మాత్రం నేను 2 వేస్తే ఆవిడ 5 వేశారు. ఆ పేపర్‌లో ఉన్నది ఇది:

"మార్చిలో ఎండలు ఎక్కువగా ఉంటాయి. మధ్యాహ్నం బడిలో కూర్చోవడం కష్టం. ఎండకి పిల్లలు నీరసపడతారు. కాబట్టి ఒంటిపూట బడులు ముందే పెట్టాలి."

మేడంకి ఇందులో మూడు కారణాలు కనిపించాయి. నాకు ఒకే కారణం మూడు రకాలుగా చెప్పినట్టు కనిపించింది. తప్పు ఇద్దరిదీ కాదు, నేను గడిలో రాసిన మాటది. పై స్థాయిలో "కారణాలతో చాలా బాగా సమర్థించాడు" అని, దాని కింద "బాగా సమర్థించాడు" అని రాశాను. "బాగా"కీ "చాలా బాగా"కీ మధ్య గీత ఎక్కడుందో ఆ రూబ్రిక్ చెప్పదు. ఎవరి మనసులో ఉన్న గీతతో వాళ్లు దిద్దుతారు.

"మూడు కారణాలు ఉంటే పై స్థాయి" అని అంకె పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నేనూ ఒకసారి అలా చేశాను. అప్పుడు పిల్లలు లెక్క కోసం రాస్తారు. పైన చూసిన పేపర్ లాంటివే ఎక్కువ వస్తాయి, లోతైన కారణం ఒక్కటి రాసిన పిల్ల కింద పడిపోతుంది.

సరిచేసే పద్ధతి. గడులు ఊహించి రాయకండి, పేపర్లలోంచి తీయండి. పాత పేపర్లు ఓ పన్నెండు తీసుకుని, మార్కులు వేయకుండా, కారణాలు-ఆధారాలు ఒక్కటే చూస్తూ నాలుగు దొంతరలుగా పెట్టాం. ఒక్కో పేపర్ దగ్గర "ఇది కింది దొంతరలో ఎందుకు లేదు?" అని పైకి చెప్పుకున్నాం. ఆ జవాబులే గడుల్లోకి వెళ్లాయి:

- స్థాయి 4: కారణం చెప్పాడు, తను చూసిన లేదా విన్న నిర్దిష్టమైన వివరం ఇచ్చాడు, ఆ వివరం కారణాన్ని ఎలా బలపరుస్తుందో చెప్పాడు.
- స్థాయి 3: కారణం, నిర్దిష్టమైన వివరం ఉన్నాయి. వాటికి సంబంధం ఏమిటో చదివేవాళ్లే అర్థం చేసుకోవాలి.
- స్థాయి 2: కారణం ఉంది. దానికి ఇచ్చినది ఎవరైనా అనగలిగే మాట, లేదా అదే కారణం వేరే మాటల్లో.
- స్థాయి 1: అభిప్రాయాన్నే మళ్లీ చెప్పాడు, లేదా రాసిన కారణానికి విషయంతో సంబంధం లేదు.

ఒక్కో గడి పక్కన నమూనా వాక్యం కూడా అతికించాం. ఒక అమ్మాయి ఇలా రాసింది: "మాది రేకుల గది. రెండు ఫ్యాన్లలో ఒకటి తిరగదు. పోయిన మార్చి మొదటి వారంలో మధ్యాహ్నం ముగ్గురు తలనొప్పి అని ఇంటికి వెళ్లిపోయారు." ఇది 3. అదే అమ్మాయి ఇంకో వాక్యం కలిపి "ఆ రోజు లెక్కల పాఠం వాళ్లకి పోయింది, అంటే బడి నడిచినా చదువు నడవలేదు" అని ఉంటే 4 అయ్యేది. పిల్లలకు ఈ తేడా ఇలా చూపిస్తే వెంటనే అర్థమవుతుంది. గడి చదివి వినిపిస్తే అంత తొందరగా అర్థం కాదు.

సమస్య: అందరికీ మధ్య మార్కే పడుతోంది

అయిదు స్థాయిలున్నప్పుడు నా పేపర్లలో సగానికి పైగా 3 దగ్గరే ఆగాయి. ఎటూ తేల్చుకోలేనప్పుడు చెయ్యి మధ్య గడి మీదకే పోతుంది. నాలుగు స్థాయిలు పెడితే మధ్య గడి ఉండదు. 2, 3 మధ్య నిర్ణయం తీసుకోక తప్పదు.

గడులు రాసేటప్పుడు 3వ స్థాయితో మొదలుపెట్టండి: తొమ్మిదో తరగతి ముగిసేసరికి పిల్లలు ఏం చేయగలగాలి? తర్వాత 4, ఆ తర్వాత 2, 1. కింది గడుల్లో "లేదు, లేదు, లేదు" అని నింపకండి. పిల్లవాడు ఏం చేశాడో రాయండి. "ఆధారాలు లేవు" అని చదివిన పిల్లవాడికి తర్వాత ఏం చేయాలో తెలియదు. "అదే కారణం వేరే మాటల్లో" అని చదివితే తెలుస్తుంది.

సమస్య: ఒకే తప్పుకు రెండు చోట్ల మార్కులు పోతున్నాయి

ఒత్తులు, దీర్ఘాలు తప్పిన పేపర్‌కు భాషలోనే కాదు, కారణాల్లోనూ తక్కువ వేస్తున్నామని గమనించాం. దస్తూరి ముత్యాల్లా ఉంటే అన్నిట్లోనూ ఎక్కువ పడుతోంది. దీనికి రెండు కారణాలు. మొదటిది, కారణాల గడిలో నేనే "స్పష్టంగా" అనే మాట పెట్టాను. అది భాష గడికి చెందిన మాట, తీసేశాను. రెండోది, ఒక పేపర్ మొత్తం ఒకేసారి దిద్దడం. ఇప్పుడు అన్ని పేపర్లకూ ముందు కారణాలు మాత్రమే చూస్తాం, తర్వాత మళ్లీ మొదటి నుంచి ఎదుటి వాదన. రెండు మూడు పేపర్లయ్యాక చేయి తిరుగుతుంది, అనుకున్నంత ఆలస్యం కాదు.

భాష గడిలో "ప్రామాణిక భాష" అని రాసి వదిలేస్తే ఇంట్లో మాట్లాడే మాట రాసిన పిల్లలకే దెబ్బ. "తప్పుల వల్ల వాక్యం మళ్లీ చదవాల్సి వచ్చిందా?" అన్నదాన్నే గీతగా పెట్టుకున్నాం.

క్లాసంతటికీ ఒక అంశంలో 1 వస్తే రూబ్రిక్‌ను తప్పుపట్టకండి. అది నేర్పామా అని చూసుకోండి. నేర్పకపోతే ఈసారికి ఆ అంశం తీసేయడమే న్యాయం.

మళ్లీ దిద్ది చూడటం

నాలుగు అంశాలకు నాలుగేసి స్థాయిలంటే 16. 20 కావాలి కాబట్టి కారణాలు-ఆధారాలను రెట్టింపు చేశాం. ఒప్పించే వ్యాసంలో బరువంతా అక్కడే ఉంటుంది. పాత పేపర్‌ను ఇద్దరం మళ్లీ విడివిడిగా దిద్దాం. అభిప్రాయం 3, కారణాలు 2 (రెట్టింపు చేస్తే 4), భాష 3 అని ఇద్దరికీ కలిసింది. మొత్తం నాకు 12, మేడంకి 13. ఒక అంశంలో ఒక స్థాయి తేడా ఉంటే ఫర్వాలేదు. రెండు స్థాయిలుంటే ఆ గడి తిరగరాయాలి.

ఆ మిగిలిన ఒక్క తేడా ఎదుటి వాదనలో వచ్చింది. ఆ పిల్లవాడు "సిలబస్ పూర్తికాదని కొందరంటారు, కానీ అది నిజం కాదు" అని రాశాడు. ఎదుటివాళ్ల మాట ప్రస్తావించాడు, జవాబు మాత్రం చెప్పలేదు. నేను 2 వేశాను, ఆవిడ 3. కాసేపు మాట్లాడుకుని, 2వ స్థాయి గడిలో ఈ మాట చేర్చాం: "ఎదుటివారి వాదన చెప్పాడు, అది తప్పు అన్నాడు, ఎందుకు తప్పో చెప్పలేదు."