రాసుకున్న ప్రసంగం చదివినట్టు కాకుండా మాట్లాడినట్టు వినిపించాలంటే ఎలా?

మాస్టారి రిటైర్మెంట్ సభకు ఒకరు ఇలా రాసుకున్నారనుకుందాం:

"1994వ సంవత్సరంలో మన పాఠశాలలో గణిత ఉపాధ్యాయులుగా చేరి, వెనుకబడిన విద్యార్థులకు ప్రతిరోజూ ఉదయం ప్రత్యేక తరగతులు నిర్వహించి, అనేకమంది ఉత్తీర్ణతకు కారకులైన మాస్టారికి కృతజ్ఞతలు తెలియజేయబడుచున్నవి."

ముందు దీన్ని పైకి చదవండి. ఊపిరి అందని ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టండి. మనసులో చదువుకుంటే ఈ ఇబ్బంది బయటపడదు.

తర్వాత క్రియలు చూడండి. చేరి, నిర్వహించి, కారకులైన... ఏ పనీ అక్కడ ముగియడం లేదు. ఎవరి గురించో చివరిదాకా తెలియదు. చదివేవాడైతే వెనక్కి వెళ్లి చూసుకుంటాడు, వినేవాడికి ఆ వీలు లేదు. అందుకే మనిషిని ముందుకు తెచ్చి, ఒక్కో పనినీ దాని క్రియతో ముగించాలి. అసలు కష్టమంతా ఇక్కడే, ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. "తెలియజేయబడుచున్నవి" లాంటివి తీసేసి, చెప్పేది ఎవరో చెప్పండి. అంకెను నోటితో పలికేలా అక్షరాల్లో రాసుకోండి. లేకపోతే స్టేజీ మీద ఆ అంకె దగ్గరే తడబడతారు.

ఇప్పుడు అదే పేరా, ఒక ఊపిరికి ఒక వరుస చొప్పున:

మాస్టారు మన బడికి వచ్చింది
పంతొమ్మిది వందల తొంభై నాలుగులో.
లెక్కలు చెప్పడానికి వచ్చారు.
వెనకబడిన పిల్లల్ని రోజూ పొద్దున్నే కూర్చోబెట్టుకుని,
విడిగా క్లాసులు చెప్పారు.
ఎంతోమంది పాసయ్యారు,
ఆ పొద్దుటి క్లాసుల వల్ల.
మాస్టారూ, మీకు మా అందరి కృతజ్ఞతలు.

"పాసయ్యారు" తర్వాత వచ్చిన మాట గమనించండి. రాతలో క్రియతో వాక్యం అయిపోతుంది. మాటల్లో మాత్రం గుర్తుండాల్సిన ముక్కను క్రియ తర్వాత వేస్తాం. అయితే ఒక పేరాలో ఒకసారి చాలు, ప్రతి వాక్యానికీ చేస్తే నాటకం డైలాగులా ఉంటుంది. "కదా", "చూడండి" కూడా అంతే, నిజంగా జనాన్ని అడుగుతున్న చోటే ఉంచండి.

అన్నీ పొట్టి వాక్యాలే చేసినా చిక్కే. టెలిగ్రామ్ చదివినట్టు టకటకా పడతాయి. అందుకే పైన "కూర్చోబెట్టుకుని" దగ్గర వాక్యాన్ని కావాలనే సాగనిచ్చాను. అక్కడ జరిగేది ఒకటే పని, కాబట్టి వినేవాళ్లు ఎక్కడా తప్పిపోరు.

మార్చాక, మాస్టారిని ఎరగని ఒకరిని కూర్చోబెట్టి, కాగితం వాళ్లకు చూపించకుండా చదివి వినిపించండి. ఎవరు, ఏం చేశారు, ఎవరి కోసం అని అడగండి. వాళ్లు చెప్పలేకపోతే, ఆ వాక్యాన్ని ఇంకోసారి విడగొట్టాలి. చివరగా పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసుకోండి. ఏ వాక్యమూ ఒక పేజీలో మొదలై ఇంకో పేజీలోకి వెళ్లకుండా చూసుకోండి. ముఖ్యంగా "మాస్టారూ" అన్న పిలుపు, దాని తర్వాతి మాటలు ఒకే పేజీలో ఉండాలి. అప్పుడు కాగితం తిప్పకుండా, ఆయన వైపు చూస్తూ ఆ మాట చెప్పగలుగుతారు.