క్లిటికా, ప్రత్యయమా, విడి మాటా? తేల్చడం ఎలా

ఒక చిన్న ముక్క తనంతట తాను నిలిచే విడి మాటా, ఒక రకం మాటకే అతుక్కునే ప్రత్యయమా, ఏ మాటకైనా అతుక్కునే క్లిటికా అని తేల్చడానికి కావాల్సినవి ఒక కాగితం, తెలుగు సొంత భాషగా ఉన్న ఒక మనిషి, అంతే. రాతలో ఖాళీ వదిలామా లేదా అన్నది మాత్రం చూడకండి. బెంగళూరులో నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది దాన్నే సాక్ష్యంగా చూపిస్తారు, అది రాసేవాడి అలవాటు తప్ప ఇంకేం కాదు.

ముందు విడి మాటల్ని పక్కన పెట్టేయండి. "ఎక్కడ పెట్టావ్?" అంటే "మీద" అని ఒక్క ముక్కలో జవాబివ్వొచ్చు, కాబట్టి మీద విడిగా నిలుస్తుంది. "లో" అని మాత్రం ఎవరూ జవాబివ్వరు, "లోపల" అంటారు.

తర్వాత ఒక వాక్యం తీసుకోండి: రాముడు నిన్న ఇంటికి వచ్చాడు. ప్రశ్నార్థకమైన "ఆ"ని ఒక్కో మాటకీ తగిలించండి. రాముడా, నిన్ననా, ఇంటికా, వచ్చాడా, అన్నీ కుదిరాయి. ఇప్పుడు "కి" పెట్టండి. రాముడికి, నిన్నటికి సరే, "వచ్చాడుకి" అనలేం. ఎక్కడైనా అతుక్కునేది క్లిటిక్, ఫలానా రకం మాటే కావాలని పట్టుబట్టేది ప్రత్యయం. ఏ, ఓ కూడా "ఆ" బాపతే. నేనైతే ఎప్పుడూ "ఆ"తోనే మొదలుపెడతాను, మీరూ అలాగే చేయండి, "ఏ"తో మొదలుపెడితే "వచ్చాడే!" దగ్గర అర్థం మారిపోయి అనవసరమైన టెన్షన్.

ఇంకో గుర్తు, ప్రత్యయం మాట లోపల కెలుకుతుంది. ఇల్లు ఇంటికి అవుతుంది, కన్ను కంటికి, నేను నాకు. క్లిటిక్ వస్తే ఇల్లా, కన్నా, నేనా, చివర ఉకారం పోవడం తప్ప లోపల ఏమీ కదలదు. వరస కూడా చూడండి: "రాముడికేనా?"లో కి లోపల, ఏ, ఆ బయట. "రాముడేకి" అనం. కన్నడంలో "అవనిగేనా?" కూడా ఇదే వరస.

అందరూ బోల్తా పడేది జంట పేర్ల దగ్గర. "రవి, సీతలకు ఇచ్చాను" చూపించి, ఒక్క "కు" ఇద్దరికీ సరిపోయింది కదా, అంటే అది మొత్తం పదబంధానికి అతుక్కుంది, కాబట్టి క్లిటిక్ అని తేల్చేస్తారు. అక్కడే ఆగొద్దు. రవి స్థానంలో, కి ముందు రూపం మారే మాట పెట్టి చూడండి. "నేను, సీతలకు ఇచ్చారు" అని ఎవరంటారు? "నాకూ సీతకూ" అనాల్సిందే. పేరు మారనప్పుడు పని చేసిన పరీక్ష రూపం మారగానే చేతులెత్తేసింది, అంటే జంట పరీక్షకి ఒంటరిగా తీర్పు చెప్పే బలం లేదు. దాన్ని చివర్లో వాడండి, మిగతావాటితో కలిపి.

ఇంగ్లీషులో ఇదే గొడవ డోంట్, వోంట్ చివరి ముక్క మీద నడిచింది. అది "నాట్" కుదించిన రూపం కాబట్టి క్లిటికే అనుకునేవారు. 1983లో భాషాశాస్త్రవేత్తలు జ్వికీ, పుల్లమ్ అది ప్రత్యయమని వాదించారు: "విల్" దాని ముందు "వో" అయిపోతుంది, "యామ్"కి ప్రామాణిక ఇంగ్లీషులో ఆ రూపమే లేదు. క్లిటిక్ ఇలా మాట మాటకీ పేచీ పెట్టదు.

ఇక "లో" సంగతి. ఇంట్లో, ఊళ్ళో అని మాట రూపం మారుస్తుంది, క్రియ మీదికి పోదు. నా లెక్కలో అది ప్రత్యయమే, విభక్తుల పట్టికలో ఎక్కడ రాసినా సరే.