మీరు అమెరికాలో, అమ్మ వసారాలో: వీసా ఫొటో ఇంటి దగ్గరే తీయించే పద్ధతి

కొత్తగా అమెరికా వెళ్లినవాళ్లు కాస్త కుదురుకోగానే అమ్మానాన్నలను ఒకసారి తీసుకెళ్లాలనుకుంటారు. సందర్శకుల వీసాకి DS-160 ఫారం అక్కడినుంచి మీరే నింపుతారు. పాస్‌పోర్టు నంబరు, చిరునామా, ప్రయాణం వివరాలు అన్నీ మీ దగ్గర ఉంటాయి. లేనిది ఫొటో ఒక్కటే. అది పాలకొల్లు పక్క పల్లెలోనో, రాజోలు దగ్గర లంకలోనో ఉన్న అమ్మ దగ్గరనుంచి రావాలి. తీసేది పక్కింటి కుర్రాడు, చెప్పేది ఫోన్లో మీరు. ఇక్కడ ఊళ్లో పెద్దవాళ్లకి ఈ ఫొటోలు తీసిపెడుతూ ఉంటాను కాబట్టి, మీరు ఆ కుర్రాడికి ఏం చెప్పాలో రాస్తున్నాను.

స్టూడియోకి పంపినా తప్పు లేదు. కాకపోతే అమెరికా వీసా ఫొటో అని ముందే చెప్పాలి. చెప్పకపోతే అలవాటుగా నిలువు ఫొటో తీసి, మొహం మీద మచ్చలు తుడిచి, రంగు కొంచెం తేల్చి, ముద్రించి ఇస్తారు. మీకు కావలసింది చదరపు ఫొటో, అదీ ఫైలుగా. పైగా మొహంలో ఏ మార్పూ చేయకూడదన్నది నిబంధన.

నిబంధనలు పెద్దగా లేవు. ఫొటో ఆరు నెలల లోపు తీసినదై ఉండాలి. వెనక తెలుపు గానీ, తెలుపుకి దగ్గరి రంగు గానీ ఉండాలి. కళ్లజోడు ఉండకూడదు, 2016 నవంబరు నుంచి ఇది కచ్చితం. మొహం సూటిగా, రెండు కళ్లూ తెరిచి, నవ్వకుండా మామూలుగా ఉండాలి. ముక్కుపుడక, చెవిదిద్దులు మొహాన్ని కప్పనంతవరకు తీయనక్కర్లేదు, ఈ మాట అమ్మకి ముందే చెప్పండి. ఫైలు JPEG, 600 నుంచి 1200 పిక్సెళ్ల చదరం, 240 కేబీ మించకూడదు. కొలతలు మీరు కంప్యూటర్లో సరిచేసుకోగలరు. వెలుతురు, వెనక గోడ, దూరం మాత్రం తీసేటప్పుడు తప్పితే తర్వాత దిద్దలేరు.

ముందు వెలుతురు సంగతి. ఎండలో వద్దు, గదిలో ట్యూబులైటు కింద వద్దు. ఎండ నెత్తిమీద ఉంటే కళ్ల కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడతాయి. ట్యూబులైటు కూడా పైనుంచే వస్తుంది కాబట్టి అదే జరుగుతుంది. మన ఇళ్లలో దీనికి వసారాని మించిన చోటు లేదు. ఆకాశం వెలుతురు ఎదురుగా మెత్తగా వస్తుంది, ఎండ మాత్రం తగలదు. మనిషి వాకిలి వైపు తిరిగి, ఇంటి గోడ వైపు వీపు పెట్టి కూర్చోవాలి. చాలామంది దీన్ని తిరగేస్తారు, వీధి వైపు వీపు పెట్టి కూర్చోబెడతారు. అప్పుడు వెనకంతా వెలిగిపోయి మొహం నల్లబడుతుంది. లోపల లైట్లు వెలుగుతుంటే ఆర్పేయమనండి, లేకపోతే ఒక బుగ్గ పసుపుగా, ఒక బుగ్గ నీలంగా వస్తుంది.

మబ్బు పట్టిన రోజైతే మరీ మంచిది. మబ్బు లేకపోతే వసారాలోకి ఎండ పడని పూట చూసుకోవాలి. తూర్పు వాకిలి ఇంటికి మధ్యాహ్నం తర్వాత, పడమర వాకిలి ఇంటికి పొద్దున.

మన వైపు మాత్రమే ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఒకటుంది. వసారా ముందే కొబ్బరిచెట్లు, అరటి పిలకలు గుబురుగా ఉంటే వచ్చే వెలుతురే ఆకుపచ్చగా ఉంటుంది. కంటికి తెలీదు, ఫొటోలో బుగ్గలు పచ్చబారి జబ్బు మనిషిలా కనిపిస్తారు. ఎలా పోల్చుకోవాలంటే, వెనక కట్టిన తెల్లబట్ట ఫొటోలో తెల్లగా ఉందా, లేత పచ్చగా ఉందా చూడండి. పచ్చగా ఉంటే చోటు మార్చడమే మందు. డాబా ఉంటే పైన మెట్లగది నీడలో కూర్చోబెడితే చాలు. అలాగే ఎర్ర సిమెంటు గచ్చు ఉన్న వసారాలో గడ్డం కింద ఎర్రటి జీర వస్తుంది. కూర్చున్న మనిషి ఒళ్లో, ముందు గచ్చు మీద తెల్ల దుప్పటి పరవండి. ఎరుపు పోతుంది, గడ్డం కింద నీడ కూడా తేలికపడుతుంది. కత్తిరించాక దుప్పటి ఫొటోలో ఉండదు కాబట్టి భయం లేదు.

ఇక వెనక గోడ. మన గోడలకి పిస్తా రంగో, లేత నీలమో, గులాబీయో ఉంటుంది. తెల్ల సున్నం గోడ ఉంటే అదృష్టమే, దాని మీద క్యాలెండరు మేకు, స్విచ్చు బోర్డు తల చుట్టుపక్కల పడకుండా చూసుకోవడమే పని. లేకపోతే నాన్నగారి తెల్ల పంచె తీయండి, జరీ అంచు లేని వైపు. పంచె పలచన, ఒక్క పొర కడితే గోడ రంగు బయటికి కనిపిస్తుంది. రెండు మడతలు వేసి, ఇస్త్రీ చేసి, పైన దండెం తాడుకి క్లిప్పులతో లాగి బిగించాలి. మడత గీతలు ఫొటోలో బాగా కనిపిస్తాయి, అందుకని ఇస్త్రీ మానకండి.

మనిషిని బట్టకి ఆనించి కూర్చోబెట్టకూడదు. మధ్యలో రెండు, మూడు అడుగుల ఖాళీ ఉంటే నీడ బట్ట మీద పడదు. చెవి పక్కన నల్లటి అంచు కనిపించిందంటే ఆ ఖాళీ చాలలేదన్నమాట. వసారా బాగా లోతైతే ఇంకో తేడా వస్తుంది, మొహానికి వెలుతురు అందుతుంది గానీ బట్ట వరకు రాక అది బూడిద రంగులో పడుతుంది. అప్పుడు మనిషినీ బట్టనీ కలిపి వాకిలి వైపు జరపాలి. ఫోన్లో బ్యాక్‌గ్రౌండు తెల్లగా మార్చే యాప్‌ల జోలికి వెళ్లొద్దు. అవి జుట్టు అంచుని, చెవుల్ని కొరికేస్తాయి, పైగా అది ఫొటోని మార్చడమే.

కూర్చోవడానికి వీపు లేని స్టూలు వెయ్యండి. ప్లాస్టిక్ కుర్చీ అయితే దాని వీపు భుజాల వెనక కనిపిస్తుంది. నాన్నగారైతే తెల్లచొక్కా తప్ప వేసుకోనంటారు. తెల్లబట్ట ముందు తెల్లచొక్కా కలిసిపోయి మెడ మాత్రమే తేలినట్టు కనిపిస్తుంది, ఆ ఒక్క పది నిమిషాలకి రంగు చొక్కా వేసుకోమని బతిమాలండి.

అన్నిటికంటే ఎక్కువగా పాడుచేసేది దూరం. చేయి చాచి సెల్ఫీ తీసినా, రెండడుగుల నుంచి తీసినా ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయి, మొహం సన్నబడుతుంది. కెమెరా తప్పు కాదది. అంత దగ్గర్లో ముక్కుకీ చెవులకీ కెమెరానుంచి ఉండే దూరంలో తేడా లెక్కలోకి వస్తుంది, దగ్గరున్నది పెద్దగా పడుతుంది. ఐదడుగులు వెనక్కి వెళ్తే ఆ తేడా దాదాపు తెలియదు. టేపు లేకపోతే మోచేతితో మూడున్నర మూరలు కొలవమనండి, అమ్మకి అది ఇంకా సులువు. వెనక కెమెరాతో, తెర మీద 1x ఉంచి తీయాలి. 0.5 వద్దు, పోర్ట్రెయిట్ మోడ్ అసలే వద్దు, అది చెవుల దగ్గర మసక చేస్తుంది. బ్యూటీ అనే మీట వెలిగి ఉంటే ఆపేయాలి, చాలా ఫోన్లలో అది ముందే వెలిగి ఉంటుంది. ఫోను ఎత్తు మనిషి కళ్లకి సమానంగా ఉండాలి. నిలబడి కిందికి తీస్తే నుదురు పెద్దదై గడ్డం పోతుంది, అందుకని తీసే కుర్రాడు కూడా ఇంకో స్టూలు మీద కూర్చోవాలి.

మొన్న మా పక్కింటి పెద్దమ్మకి ఇలాగే తీశాం. ఆవిడ కోడలు అక్కడినుంచి వీడియోకాల్లో ఉంది. తీసేముందు నుదుటి మీద చెమట, కొబ్బరినూనె మెరుపు పొడి తువ్వాలుతో అద్దించాం, మన గాలిలో తేమకి ఇది ప్రతిసారీ కావాలి. కళ్లజోడు తీసి, లోలాకులు మెడవైపు ఊగకుండా సర్దాం. "నవ్వకండి పెద్దమ్మా" అంటే ఇంకా నవ్వొస్తోంది ఆవిడకి. "ఆయ్, మాటలాపండి, అటు కొబ్బరిచెట్టు మొదలు చూసి, తర్వాత ఇటు కెమెరా చూడండి" అంటే అప్పుడు మొహం మామూలుకి వచ్చింది. పది పన్నెండు వరసగా తీశాం. అందులో పెద్దది చేసి చూసి, రెండు కళ్లలోనూ వెలుతురు చుక్క సమానంగా ఉన్నదాన్ని, రెండు చెవులూ ఒకేలా కనిపించినదాన్ని ఉంచాం.

ఆ తర్వాతి అడుగులోనే చాలా ఫొటోలు పాడవుతాయి. ఆ ఫోను తీసింది 3000 అడ్డం, 4000 నిలువు పిక్సెళ్ల ఫొటో. ఐదడుగుల నుంచి తీస్తే అందులో గడ్డం నుంచి జుట్టు పైభాగం దాకా తల సుమారు 440 పిక్సెళ్లు ఉంటుంది. చదరంలో తల ఎత్తు సగం నుంచి 69 శాతం లోపు ఉండాలి. 60 శాతం అనుకుని కత్తిరిస్తే 730 పిక్సెళ్ల చదరం వస్తుంది, 600 దాటింది కాబట్టి సరిపోయింది. అదే ఫొటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే నిలువు 4000 నుంచి సుమారు 1600కి కుదించుకుపోతుంది. తల 175 పిక్సెళ్లే మిగులుతుంది, చదరం 300 లోపే. దాన్ని సాగదీస్తే మసకే. కాబట్టి అటాచ్‌మెంట్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా మెయిల్లో. అలాగే ఎనిమిది, తొమ్మిది అడుగుల నుంచి తీసినా తల చిన్నదై ఇదే చిక్కు వస్తుంది. దగ్గరైతే మొహం మారుతుంది, దూరమైతే పిక్సెళ్లు చాలవు. ఐదడుగులు ఎందుకన్నానో ఇప్పుడు అర్థమవుతుంది.

కత్తిరించేటప్పుడు కళ్లు ఎక్కడున్నాయో కూడా చూడాలి. చదరం అడుగునుంచి 56 శాతానికీ 69 శాతానికీ మధ్య ఉండాలి. 600 పిక్సెళ్ల చదరంలో తల 360 అనుకుందాం. గడ్డం అడుగునుంచి 190 దగ్గర, జుట్టు పైభాగం 550 దగ్గర పెడితే కళ్లు దాదాపు 370 దగ్గరకి వస్తాయి, అంటే 62 శాతం. పైన 50 పిక్సెళ్ల తెలుపు మిగులుతుంది. ఐఫోను అయితే ఫైలు HEICలో ఉండవచ్చు, JPEGగా మార్చుకోండి. 600 చదరంలో ఫైలు సాధారణంగా 240 కేబీకి చాలా లోపే ఉంటుంది.

ఫారంలో ఎక్కించాక ఫొటో వెంటనే పరీక్ష అవుతుంది. కాదంటే ఎక్కువసార్లు తల కొలతే కారణం, అందుకని ముందు మళ్లీ కత్తిరించి చూడండి, తర్వాతే అమ్మని మళ్లీ కూర్చోబెట్టండి. పరీక్ష దాటినా ఇంటర్వ్యూలో అధికారి కొత్త ఫొటో అడగవచ్చు. కాబట్టి అదే ఫైలుని ఊళ్లో స్టూడియోలో 2 అంగుళాల చదరంగా, ఫొటో కాగితం మీద, ఏ టచింగూ లేకుండా రెండు ముద్రింపించి పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోమని చెప్పండి. ఫోన్లో ఉన్న అసలు ఫొటోని వీసా చేతికొచ్చేదాకా ఎవరూ తుడిచేయకుండా చూసుకోండి.