ఫొటో తీసిన బ్యాంక్ స్టేట్‌మెంట్ పేజీలను ఎక్సెల్‌లో ఒకే పట్టికగా కలపడం ఎలా?

స్టేట్‌మెంట్ పీడీఎఫ్ దొరికితే ఫొటోల జోలికే వెళ్లకండి. కాగితం తప్ప ఇంకేమీ లేనప్పుడే ఈ పని.

1. ఫొటోలు. కాగితాన్ని బల్ల మీద పరిచి, పగటి వెలుగులో, పేజీకి ఒక్క ఫొటో తీయండి. పేజీ పొడవుగా ఉందని పైసగం, కిందిసగం విడిగా తీస్తే మధ్య వరుసలు రెండింట్లోనూ పడతాయి. డూప్లికేట్లు సగం ఇక్కడే పుడతాయి.

2. ఎక్సెల్‌లోకి. `Data > From Picture` ద్వారా ఒక్కో ఫొటోను ఎక్కించి, వరుసగా ఒకదాని కింద ఒకటి పెట్టండి. ఎడమవైపు రెండు కాలమ్‌లు కలపండి: Aలో పేజీ నంబరు, Bలో వరుస నంబరు. ఇవి లేకుండా మొదలుపెట్టొద్దు. పొరపాటున సార్ట్ నొక్కితే పాత క్రమం తెచ్చేది ఇవే. ఆ తర్వాత C తేదీ, D వివరం, E డెబిట్, F క్రెడిట్, G బ్యాలెన్స్. కొత్త ఎంట్రీలు పైన ఉండే స్టేట్‌మెంటైతే ముందే క్రమం తిరగేయండి.

3. హెడర్లు. మొదటిది ఉంచి మిగతావి తీసేయాలి. Balance అనే మాట వెతికితే అన్నీ దొరకవు, ఒక పేజీలో అది Ba1ance అని చదివి ఉంటుంది. తేదీ కాలమ్‌లో ఫిల్టర్ పెట్టి, తేదీ కానివన్నీ చూడండి. హెడర్లు, పేజీ మొత్తాలు, "B/F" వరుసలు అక్కడే బయటపడతాయి. B/F అంకె పై పేజీ చివరి బ్యాలెన్స్‌తో సరిపోయిందో లేదో చూశాకే తీసేయండి. తేదీ ఖాళీగా ఉండి వివరం మాత్రమే ఉన్న వరుస చెత్త కాదు. పై ఎంట్రీ వివరం రెండో లైన్‌లోకి జారిందంతే, దాన్ని పైదానికి కలపండి.

4. డూప్లికేట్లు. అందరూ పాడుచేసేది ఇక్కడే. `Remove Duplicates` నొక్కకండి. ఒకే రోజు అదే టీ కొట్టులో రెండుసార్లు 20 రూపాయలు యూపీఐ చేస్తే తేదీ, పేరు, మొత్తం మూడూ ఒకటే. A, Bలతో పాటు బ్యాలెన్స్ కాలమ్‌కూ టిక్ తీసేసి ఆ బటన్ నొక్కితే నిజమైన ఖర్చు ఒకటి మాయమవుతుంది. బ్యాలెన్స్‌కు టిక్ ఉంచితే ఇంకో చిక్కు: ఒక ఫొటోలో 4360, ఇంకో ఫొటోలో 4350 అని చదివితే అసలు డూప్లికేట్ అలాగే మిగిలిపోతుంది. ఇలా పోయిన ఒక్క 20 రూపాయల కోసం నేను ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. అప్పటి నుంచి ఆ బటన్ ముట్టలేదు.

బ్యాలెన్స్‌నే సాక్షిగా పెట్టుకోండి. H3లో ఇది రాసి కిందికి లాగండి:

```
=ROUND(G2-E3+F3-G3,2)
```

ప్రతి వరుసలో సున్నా రావాలి. మొదటి ఫొటో చివర 20 రూపాయల ఎంట్రీలు రెండున్నాయి, బ్యాలెన్స్‌లు 4360, 4340. రెండో ఫొటో అవే రెండింటితో మొదలై, తర్వాత 500 డెబిట్‌తో 3840కి దిగింది. కలిపితే బ్యాలెన్స్ 4360, 4340, 4360, 4340, 3840గా నడుస్తుంది. మూడో దాని దగ్గర మాత్రమే -40 వస్తుంది, మిగతాచోట్ల సున్నా. అంటే రెండు ఫొటోల అతుకు అక్కడుంది. అక్కడి నుంచి రెండు వరుసలు తీసేస్తే -40 పోతుంది, టీ ఖర్చులు రెండూ నిలుస్తాయి.

సున్నా కాని ప్రతిదీ డూప్లికేట్ కాదు. పక్కపక్క వరుసల్లో -500, 500 అని వస్తే బ్యాలెన్స్ తప్పుగా చదివింది, 4340ని 4840 అనుకుంది. అంకెలో సున్నా బదులు O అక్షరం పడితే `#VALUE!` వస్తుంది. ఒక్కచోటే తేడా ఉండి, అది అతుకు దగ్గర కాకపోతే డెబిట్ గానీ క్రెడిట్ గానీ తప్పు చదివి ఉండాలి, లేదా మధ్యలో ఒక వరుస జారిపోయి ఉండాలి. ఏదైనా సరే, ఫొటో తెరిచి కళ్లతో చూశాకే చెయ్యి పెట్టండి. వరుస తీసేసిన ప్రతిసారీ ఫార్ములాను పైనుంచి మళ్లీ లాగండి, లేకపోతే `#REF!` వస్తుంది.

5. చివరి లెక్క. ఆరంభ బ్యాలెన్స్‌లోంచి మొత్తం డెబిట్లు తీసేసి, క్రెడిట్లు కలిపితే కాగితం మీది ఆఖరి బ్యాలెన్స్ రావాలి. పైసాతో సహా సరిపోయాక H కాలమ్ తీసేయొచ్చు. A, B మాత్రం ఉంచండి. రేపు ఎవరైనా ఫలానా ఎంట్రీ ఎక్కడుందని అడిగితే నేరుగా ఆ పేజీ తీసి చూపించవచ్చు.