యూసీని ఒక పేజీకి కుదించే ముందు: ఏప్రిల్ నెల జాగ్రత్తలు

మార్చి ఎండింగ్ ముగిసిన వారానికి ప్రిన్సిపాల్ గారు పిలిచి, “ఆ ప్రాజెక్టుకి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది, ఎందుకు మిగిలింది, ఒక్క పేజీలో రాసివ్వండి” అంటారు. చేతిలో రెండు కాగితాలుంటాయి. ఒకటి యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే యూసీ, రెండోది హెడ్ల వారీ ఖర్చుల స్టేట్‌మెంట్. అంకెలన్నీ వాటిలోనే ఉన్నాయి కదా, అరగంట పని అనిపిస్తుంది. తప్పులు దొర్లేది ఆ అరగంటలోనే.

ఒక లెక్క పెట్టుకుని చూద్దాం. ఇది ఉదాహరణ కోసం నేను కల్పించినదే కానీ, ఇందులోని చిక్కులు దాదాపు ప్రతి ఫైల్లోనూ కనిపిస్తాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ఒక కాలేజీకి మూడేళ్ల పరిశోధన ప్రాజెక్టు ఇచ్చింది. మొత్తం మంజూరు 30,00,000 రూపాయలు. మొదటి ఏడాది విడుదల చేసింది 18,00,000. ఏడాది చివరికి స్టేట్‌మెంట్ ఇలా ఉంది:

| హెడ్ | విడుదల | ఖర్చు | మిగులు |
|---|---|---|---|
| పరికరాలు | 12,00,000 | 10,08,000 | 1,92,000 |
| ఫెలోషిప్ | 3,00,000 | 1,75,000 | 1,25,000 |
| కెమికల్స్, సామగ్రి | 1,70,000 | 1,82,000 | −12,000 |
| ప్రయాణాలు | 30,000 | 14,000 | 16,000 |
| కంటింజెన్సీ | 30,000 | 27,000 | 3,000 |
| ఓవర్‌హెడ్ | 70,000 | 70,000 | 0 |
| మొత్తం | 18,00,000 | 14,76,000 | 3,24,000 |

మొదటి జాగ్రత్త ‘శాంక్షన్’ అన్న మాట దగ్గరే తీసుకోవాలి. మూడేళ్లకు ఒప్పుకున్న 30 లక్షలూ శాంక్షనే, ఈ ఏడాది డబ్బు విడుదల చేస్తూ ఇచ్చిన ఉత్తర్వునూ శాంక్షన్ ఆర్డరనే అంటారు. సారాంశంలో “శాంక్షన్ 30 లక్షలు, ఖర్చు 14.76 లక్షలు” అని రాస్తే, చదివినవాళ్లు 15.24 లక్షలు చేతిలో మిగిలాయనుకుంటారు. ఉన్నది 3.24 లక్షలే. మొత్తం మంజూరు, ఈ ఏడాది విడుదల వేర్వేరు గళ్లలో ఉండాలి. మిగులు ఎప్పుడూ విడుదలైన డబ్బు మీదే లెక్కగట్టాలి. ఇది రెండో ఏడాది అయివుంటే పాత మిగులు కూడా అందుబాటులో ఉన్న నిధిలో కలుస్తుంది. యూసీ రాసే జీఎఫ్ఆర్ 12-ఎ ఫారంలో దానికి మొదట్లోనే ఒక గడి ఉంటుంది.

ఇక మిగులు. 3,24,000 అన్నది ఒక అంకెలా కనిపిస్తుంది కానీ లోపల రకరకాల డబ్బుంది. పరికరాల హెడ్ చూడండి. ఇన్‌వాయిస్ 11,20,000. అందులో 90 శాతం, అంటే 10,08,000 చెల్లించారు. మిగతా 1,12,000 ఇన్‌స్టలేషన్ అయ్యాక ఇవ్వాలి. కాబట్టి 1,92,000 మిగులులో నిజంగా ఆదా అయింది 80,000 మాత్రమే, మిగతాది ఇంకొకరికి బాకీ. అలాగని ఆ 1,12,000ని ఖర్చులోకి ఎక్కించకూడదు, చెల్లింపు జరగలేదు కాబట్టి. మిగులులోనే ఉంచి, పక్కన ‘కమిటెడ్’ అని విడిగా చూపాలి.

ప్రయాణాల హెడ్‌లో దీనికి తిరగేసిన చిక్కుంది. అక్కడ డబ్బు బయటికి వెళ్లింది కానీ ఖర్చు కాలేదు. ఫీల్డు పనికని 10,000 అడ్వాన్సు తీసుకున్నారు, బిల్లులు ఇంకా రాలేదు. అడ్వాన్సు ఖర్చు కాదు. ఫారం చివర మిగులును బ్యాంకులో ఉన్నది, సర్దుబాటు కాని అడ్వాన్సులు అని విడదీసి అడిగేది ఇందుకే. ఇక్కడ 16,000లో బ్యాంకులో ఉన్నది 6,000.

ఒక సరిచూపు మాత్రం మానకండి. మిగులు 3,24,000లోంచి అడ్వాన్సు 10,000 తీసేస్తే 3,14,000. దానికి ఏడాదిలో వచ్చిన బ్యాంకు వడ్డీ 21,000 కలిపితే 3,35,000. మార్చి 31 నాటి ప్రాజెక్టు పాస్‌బుక్‌లో ఇదే ఉండాలి. ఎక్కువుంటే, ఇచ్చిన చెక్కు ఇంకా బ్యాంకుకు చేరలేదేమో చూడాలి. తక్కువుంటే సారాంశం పక్కన పెట్టి ముందు క్యాష్ బుక్ తెరవాలి. వడ్డీని గ్రాంటు మిగులులో ఎప్పుడూ కలపకండి. కేంద్ర గ్రాంట్ల మీద వచ్చిన వడ్డీని ఖాతాలు ముగించగానే ప్రభుత్వానికి తిరిగి కట్టాలని జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017 చెబుతున్నాయి. అది మన డబ్బు కాదు, విడిగా ఒక వరుసలో రాయాలి.

నేను ఎక్కువగా భయపడేది మాత్రం కారణాల గడి గురించి. అంకెలు తప్పితే కూడికలో బయటపడతాయి, కారణం తప్పితే ఎవరికీ తెలియదు. ఫెలోషిప్ దగ్గర రిమార్క్స్‌లో “నియామకం ఆలస్యం” అని ఉంది. దాన్ని అలాగే దించేయకుండా లెక్కకు పెట్టి చూడండి. నెలకు 25,000. ఫెలో ఆగస్టు 1న చేరారు, అంటే నాలుగు నెలలు పోయాయి. అది లక్ష. మిగులేమో 1,25,000. ఇంకో 25,000 ఎక్కడిది? వోచర్లు చూస్తే మార్చి నెల ఫెలోషిప్ ఏప్రిల్లో చెల్లించారని తెలిసింది. కాబట్టి ఆలస్యం వల్ల మిగిలింది లక్షే, 25,000 ఇవ్వాల్సిన బాకీ. స్టేట్‌మెంట్ చెప్పిన కారణం అబద్ధం కాదు, సగంలో ఆగిందంతే. సారాంశంలో రెండూ రాయాలి, రెండోది వోచర్ల నుంచి తీసుకున్నామని కూడా.

కెమికల్స్ హెడ్‌లో 12,000 ఎక్కువ ఖర్చయింది. రిమార్క్స్ గడి ఖాళీ. ఇక్కడే చెయ్యి ఊరుకోదు, “ధరలు పెరగడం వల్ల” అని రాసేయాలనిపిస్తుంది. ఎవరూ కాదనరు కూడా. కానీ ఆ మాట ప్రాజెక్టు చేసేవారు అనలేదు, మీరు అంటున్నారు. అది రేపు ఆడిట్‌లో పైకొస్తే, పెరిగిన ధరల ఆధారం చూపమంటారు. “స్టేట్‌మెంట్‌లో కారణం చెప్పలేదు” అని ఉన్నదున్నట్టు రాసి, ప్రాజెక్టు చూసే మేడమ్ గారిని లిఖితంగా అడగండి. వేరే హెడ్ డబ్బు ఇందులో వాడుకోవడానికి మంజూరు చేసిన సంస్థ అనుమతి ఉందా అన్నదీ అదే చీటీలో అడిగితే మంచిది. ఈ మైనస్‌ను మొత్తం మిగులులో కలిపేసి మాయం చేయడం ఇంకో అలవాటు. మొత్తం 3,24,000 సరిగ్గానే ఉంటుంది, కానీ ఒక హెడ్ హద్దు దాటిందన్న సంగతి ఆ పేజీలో లేకుండా పోతుంది. పరికరాల యూసీ, రోజువారీ ఖర్చుల యూసీ విడివిడిగా వెళ్తాయి కాబట్టి మిగులునూ 1,92,000గా, 1,32,000గా విడదీసే చూపండి. కంటింజెన్సీలో మిగిలిన 3,000కి వివరణలు అక్కర్లేదు, నన్నడిగితే ఒక మాట చాలు.

ఏడాది ముగిసిన 12 నెలల్లోపు యూసీ ఇవ్వాలని నియమం. అంత గడువుంది కదా అని కూర్చోలేం, సాధారణంగా తర్వాతి విడత డబ్బు కోసం ముందే అడుగుతారు. ఆ తొందరలో చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం కాని డ్రాఫ్టు మీదే సారాంశం రాయాల్సి వస్తే, పేజీ పైన “ఆడిట్ కాని లెక్కలు” అని, డ్రాఫ్టు తేదీతో సహా రాసి ఇవ్వండి. సంతకమైన కాపీ చేతికొచ్చిన రోజు ప్రతి అంకెనూ మళ్లీ దానితో పోల్చుకోండి.