అంకెలకు వ్యాఖ్య – 4వ పాఠం: రెండు గీతలు

గత పాఠంలో, నెలవారీ అమ్మకాల పట్టికలో 5 శాతానికి మించిన ప్రతి మార్పుకూ స్ప్రెడ్‌షీట్ సూత్రంతో ఒక వాక్యం రాయించమన్నాను. చాలామందికి నివేదిక నిండా వాక్యాలే వచ్చాయి. ఆ తప్పు నాదే. కిరాణా టోకు దుకాణం లెక్కనే తీసుకుందాం. అగరుబత్తీల అమ్మకం రూ. 300 నుంచి రూ. 900కు పెరిగితే అది 200 శాతం పెరుగుదల కాబట్టి వ్యాఖ్యలో మొదటి వరుసలో నిలిచింది, బియ్యం రూ. 4,20,000 నుంచి రూ. 3,78,000కు పడిపోయిన సంగతి కిందెక్కడో మిగిలింది.

అందువల్ల మార్పు రెండు గీతలనూ దాటాలి: రూపాయల్లో కనీసం 10,000, పాత విలువలో కనీసం 5 శాతం. బియ్యంలో తగ్గుదల రూ. 42,000, అంటే 10 శాతం కనుక దాని గురించి రాస్తాం. అగరుబత్తీల తేడా రూ. 600 మాత్రమే కనుక వదిలేస్తాం. నూనె రూ. 9,00,000 నుంచి రూ. 9,27,000 అయినా మార్పు 3 శాతమే కాబట్టి దాన్నీ వదిలేస్తాం.

A2 గడిలో సరుకు, B2లో గత నెల అమ్మకం, C2లో ఈ నెల అమ్మకం ఉంటే:

```
=IF(AND(ABS(C2-B2)>=10000, ABS(C2-B2)>=B2*5%),
 A2&" అమ్మకాలు రూ. "&ABS(C2-B2)&" మేర "&
 IF(C2>B2,"పెరిగాయి","తగ్గాయి")&".", "")
```

నేను భాగించకుండా గుణించాను. గత నెల సున్నా అయిన కొత్త సరుకు దగ్గర భాగిస్తే `#DIV/0!` వస్తుంది. ముందు షరతు తప్పినా `AND` రెండో షరతును లెక్కిస్తుంది కనుక అది కాపాడదు. కర్తగా ఎప్పుడూ ‘అమ్మకాలు’ అనే వాడడం నా అలవాటు. ‘ఆదాయం’ వస్తే క్రియ ‘పెరిగింది’ కావాలి, దానికోసం మరో షరతు రాసే ఓపిక నాకు లేదు.

ఇక నన్ను విసిగించే తప్పు. వాపసు వచ్చిన సరుకు 2 శాతం నుంచి 3 శాతానికి చేరితే ‘1 శాతం పెరిగింది’ అని రాస్తున్నారు. పెరిగింది ఒక శాతం పాయింటు. పాత విలువతో పోలిస్తే అది 50 శాతం. 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు రెపో రేటును 6.50 నుంచి 6.25 శాతానికి తగ్గించినప్పుడు ‘25 బేసిస్ పాయింట్లు’ అన్నది ఈ గందరగోళం లేకుండా ఉండడానికే, ఎందుకంటే ఆ తగ్గుదలను పాత రేటుతో పోలిస్తే దాదాపు 3.8 శాతం అవుతుంది. పై సూత్రాన్ని రేట్ల వరుసకు పెడితే, తేడా ఎప్పుడూ 10,000 దాటదు కనుక, వాపసు రెట్టింపైనా వ్యాఖ్య రాదు, తప్పు జరిగినట్టు కూడా తెలియదు. రేట్లను వేరే పట్టికలో ఉంచి, తేడా 0.5 శాతం పాయింటు దాటితేనే రాయించండి. వాక్యంలో రెండు విలువలనూ చూపండి: ‘వాపసు 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగింది.’

అభ్యాసం: మీ దగ్గరున్న 12 నెలల లెక్కలకు ఈ గీతలను వర్తింపజేసి, ఏ నెలకు ఎన్ని వాక్యాలు వచ్చాయో రాయండి. తరువాత రూపాయల గీతను 5,000, 20,000గా మార్చి మళ్లీ లెక్కించండి. ఏ గీత దగ్గర నెలకు మూడు నాలుగు వాక్యాలే మిగులుతాయో, అప్పుడు యజమాని నిజంగా అడిగే సంగతి ఏదైనా జారిపోయిందేమో చూసి, వచ్చే పాఠానికి ఆ జారిపోయినవాటిని వెంట తెచ్చుకోండి.