సెక్షన్ చదవడం ఎలా? నాలుగో పాఠం: శెనక్కాయ చేనులో 303

ఈసారి భారతీయ న్యాయ సంహితలో దొంగతనం గురించిన 303వ సెక్షన్ ఒక్కటే తీసుకుందాం. ప్రశ్న ఇది: కళ్యాణదుర్గం దగ్గర ఒకడు రాత్రిపూట పక్కవాడి చేనులో దూరి, అమ్ముకుందామని శెనక్కాయ చెట్లు పీకి గోతంలో వేసుకున్నాడు. గట్టు దాటకముందే దొరికాడు. సరుకు విలువ 1,200 రూపాయలు. ఇది దొంగతనమేనా? శిక్ష ఏమిటి?

చాలామంది 1,200 అన్న అంకె చూడగానే నేరుగా ప్రొవైజోకి, అంటే చిన్న దొంగతనాలకు శిక్ష మార్చే మినహాయింపు వాక్యానికి పోతారు. ముందు నేరం జరిగిందో లేదో తేలాలి, అది ఉపసెక్షన్ (1) పని. దాన్ని ముక్కలు చేసి రాసుకోండి: చరాస్తి, మరొకరి స్వాధీనం, సమ్మతి లేకపోవడం, డిసానెస్ట్‌లీ అంటే అక్రమ లాభమో అక్రమ నష్టమో కలిగించేలా తీసుకుపోవాలన్న ఉద్దేశం, అందుకోసం వస్తువును కదిలించడం. అయిదూ ఉండాలి.

ఇక్కడ మొదటి ముక్క దగ్గరే చిక్కు. చరాస్తి నిర్వచనం ఈ సెక్షన్‌లో లేదు, 2వ సెక్షన్‌లో ఉంది. భూమినీ, భూమికి అంటుకుని ఉన్నవాటినీ అది చరాస్తి కాదంటుంది. మరి వేళ్లతో నేలలో ఉన్న పైరు? ఈ సందేహం తీర్చడానికే వివరణలు పెట్టారు. నేలకు అంటుకుని ఉన్నంతసేపు దొంగతనానికి లోబడదు, విడిపోయిన క్షణం నుంచి లోబడుతుంది అని 1వ వివరణ. విడదీసిన పనే కదిలించిన పని కూడా కావచ్చు అని 2వ వివరణ. కాబట్టి మొదటి చెట్టు పీకగానే నేరం పూర్తయింది. గట్టు దాటాలని సెక్షన్ ఎక్కడా అడగదు. ఉదాహరణ (ఎ)లో చెట్టు నరికినవాడి సంగతీ ఇదే. జవాబులో ఆ ఉదాహరణను ఒక వాక్యంలో చెప్పండి గానీ దాన్నే కారణంగా చూపొద్దు. కారణం సెక్షన్ మాటల్లోంచే రావాలి, ఉదాహరణ ఆ మాటలు ఎలా పనిచేస్తాయో చూపుతుంది, అంతే.

ఇప్పుడు శిక్ష. ఉపసెక్షన్ (2) ప్రకారం మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ప్రొవైజో దాని కిందే ఉంది గనుక శిక్షను మాత్రమే మారుస్తుంది. ‘చిన్న దొంగతనం కాబట్టి నేరం కాదు’ అని రాస్తే తప్పు. ప్రొవైజోకి మూడు షరతులు: విలువ 5,000 కన్నా తక్కువ, శిక్ష పడటం మొదటిసారి, సొత్తు గానీ దాని విలువ గానీ తిరిగి ఇవ్వడం. మూడూ కలిస్తే సమాజ సేవ. మన ప్రశ్న విలువ ఒక్కటే చెప్పింది. మిగతా రెండూ మీరు ఊహించుకోకుండా, ‘అతనికి ఇది మొదటి శిక్ష అయి, కాయలు తిరిగి ఇస్తే’ అని షరతు పెట్టి రాయాలి.

వచ్చే పాఠం లోపు ఈ రెండూ రాసి ఉంచుకోండి. సరుకు విలువ సరిగ్గా 5,000 అయితే? అనంతపురంలో రిపేరుకిచ్చిన తన మోటారునే, కూలి ఎగ్గొట్టడానికి రైతు షాపులోంచి చెప్పకుండా ఎత్తుకొస్తే? రెండోదానికి స్వాధీనం అన్న ముక్క పట్టుకుని, ఉదాహరణలు (హెచ్) నుంచి (జె) వరకు వరుసగా చదవండి.